భిలాయ్ కోక్ నీళ్లలో సూక్ష్మజీవుల లెక్క: మైక్రోస్కోప్ ఒకటి చెబుతుంది, పళ్లెం మరొకటి

సోవియట్ సహకారంతో నిర్మించిన భిలాయ్ ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరిలో మొదలైంది. ఆ ఫర్నేసులకు కోక్ కావాలి. గాలి తగలకుండా బొగ్గును కాల్చి కోక్ చేసేటప్పుడు వెలువడే వాయువును చల్లార్చి, కడిగిన నీళ్లలో ఫినాల్, సయనైడ్, అమ్మోనియా చేరతాయి. దేశంలోని నిబంధనల ప్రకారం కోక్ ఓవెన్ల నుంచి బయటికి వదిలే లీటరు నీటిలో ఫినాల్ 1 మిల్లీగ్రాము, సయనైడ్ 0.2 మిల్లీగ్రాము దాటకూడదు. భిలాయ్‌లోనే కాదు, విశాఖలోనైనా ఈ పని చేసిపెట్టేది ప్రధానంగా సూక్ష్మజీవులే. గాలి ఊదే ట్యాంకులో అవి ఫినాల్‌ను ఆహారంగా తీసుకుని విరగ్గొడతాయి.

రోజువారీ నిర్వహణలో ఈ జీవులను ఎవరూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టరు. ట్యాంకులోని బురదను ఆరబెట్టి తూకం వేస్తారు, బయటికొచ్చే నీటిలో ఫినాల్‌ను కొలుస్తారు. అయితే ఫినాల్ ఒక్కసారిగా ఎక్కువై శుద్ధి మందగించినప్పుడు తూకం సరిపోదు. చచ్చిన కణం కూడా బరువు తూగుతుంది. ట్యాంకులో ఉన్నవాటిలో ఎన్ని బతికున్నాయన్నది అప్పుడు తేలాలి. దానికి ప్రయోగశాలల్లో రెండు పాత పద్ధతులున్నాయి. ఒకటి హీమోసైటోమీటర్ మీద నేరుగా లెక్కించడం, రెండోది అగర్ పళ్లెంలో కాలనీలు పెంచి లెక్కించడం.

గాజు పలక మీద లెక్క

హీమోసైటోమీటర్ అసలు రక్తకణాలను లెక్కించడానికి పుట్టింది. మందమైన గాజు పలక మీద సన్నని గీతలతో గళ్లు చెక్కి ఉంటాయి. పైన కవర్ గ్లాస్ పెడితే మధ్యలో సరిగ్గా 0.1 మిల్లీమీటరు ఖాళీ మిగులుతుంది. సాధారణంగా వాడే న్యూబావర్ పలకలో నడిమి పెద్ద గడి 1 చదరపు మిల్లీమీటరు. అంటే దాని మీద నిలిచే ద్రవం మిల్లీలీటరులో పదివేలో వంతు. ఆ పెద్ద గడిని 25 చదరాలుగా విభజించి ఉంటారు. నాలుగు మూలల చదరాలు, నడిమి చదరం కలిపి అయిదింటిలో కణాలను లెక్కిస్తే చాలు. గీత మీద పడిన కణాలను రెండుసార్లు లెక్కించకుండా ఒక నియమం ఉంది. పై గీత, ఎడమ గీత మీదివి లెక్కలోకి వస్తాయి, కింది గీత, కుడి గీత మీదివి రావు.

ఫినాల్‌ను తినగల కాండిడా ట్రోపికాలిస్ అనే ఈస్టును తీసుకుందాం. ఈ కింది అంకెలు లెక్క చేసే తీరు చూపడానికే, భిలాయ్‌లో కొలిచినవి కావు. నమూనాను పది రెట్లు పలచన చేసి చూస్తే అయిదు చదరాల్లో 180 కణాలు కనిపించాయనుకుందాం.

180 × 5 × 10,000 × 10 = 9,00,00,000

మిల్లీలీటరుకు 9 కోట్ల కణాలన్నమాట. పదిహేను నిమిషాల్లో పని అయిపోతుంది.

పళ్లెంలో లెక్క

అదే నమూనాను పది రెట్ల చొప్పున అయిదుసార్లు పలచన చేయాలి. లక్ష రెట్లు పలచనైన ఆ ద్రవంలో 0.1 మిల్లీలీటరు తీసుకుని అగర్ మీద పరిచి 30 డిగ్రీల వద్ద రెండు రోజులు ఉంచాలి. మూడు పళ్లేల్లో 52, 47, 51 కాలనీలు వచ్చాయనుకుందాం. సగటు 50.

50 ÷ 0.1 × 1,00,000 = 5,00,00,000

పళ్లెం ప్రకారం మిల్లీలీటరుకు 5 కోట్లే. మిగతా 4 కోట్లు ఏమైనట్టు?

ముందు ఇది యాదృచ్ఛికమా అని చూడాలి. 180 కణాల లెక్కలో సహజంగా ఉండే హెచ్చుతగ్గు దాని వర్గమూలమంత, అంటే 13. సుమారు 7 శాతం. మూడు పళ్లేల్లో కలిపి 150 కాలనీలు కాబట్టి అక్కడా 8 శాతమే. ఇంత పెద్ద తేడాకు అది చాలదు.

రెండో అడుగు మిథిలీన్ బ్లూ. ఈ రంగు కలిపితే బతికున్న ఈస్టు దాన్ని రంగులేనిదిగా మార్చేస్తుంది, చచ్చినది నీలంగా ఉండిపోతుంది. 180లో 36 నీలంగా కనిపిస్తే చచ్చినవి 20 శాతం. అప్పుడు బతికున్నవి 7.2 కోట్లు. ఇంకా 2.2 కోట్ల తేడా మిగిలింది.

ఇక్కడ కాలనీ అంటే ఏమిటో గుర్తు చేసుకోవాలి. కాలనీ ఒక్క కణం నుంచే పుట్టాలని లేదు. విడిపోని తల్లీపిల్ల, నాలుగైదు కణాల గొలుసు పళ్లెం మీద ఒకే చుక్కగా పెరుగుతాయి. మైక్రోస్కోప్ కింద వాటిని విడివిడిగా లెక్కించి ఉంటాం. అందుకే పళ్లెం ఫలితాన్ని కణాల సంఖ్యగా కాక ‘కాలనీ ఏర్పరచే యూనిట్లు’గా రాస్తారు. మొగ్గ తల్లి కణంలో సగం కంటే పెద్దదైతేనే వేరుగా లెక్కించడం ప్రయోగశాలల్లో ఉన్న ఒక నియమం. దాన్ని పాటించారో లేదో రాసి పెట్టకపోతే ఇద్దరు చేసిన లెక్కలు కలవవు.

ఫినాల్ దెబ్బ తగిలాక

రెండు పద్ధతుల అసలు తేడా అప్పుడు బయటపడుతుంది. దెబ్బ తగిలిన మర్నాడు గాజు పలక 8.5 కోట్లు చూపవచ్చు. చచ్చిన కణాలు వెంటనే కరిగిపోవు కదా! అదే నమూనాను వెయ్యి రెట్లు మాత్రమే పలచన చేసి పరిచిన పళ్లెంలో 40 కాలనీలే వస్తే బతికి పెరగగలిగినవి 4 లక్షలు. మొదటి అంకెను మాత్రమే చూసినవారు ట్యాంకు బాగానే ఉందనుకుంటారు. రెండో అంకె కోసం రెండు రోజులు ఆగాలి, ఫినాల్ నీళ్లు ఆగవు. ఈలోగా మిథిలీన్ బ్లూ కొంత దారి చూపుతుంది. కానీ ఎక్కువ కణాలు దెబ్బతిన్నప్పుడు ఆ రంగు ఆశావాదిగా మారుతుంది. ఇక విభజన చెందలేని కణాన్నీ బతికున్నట్టే చూపుతుంది.

పళ్లెం తప్పు మరో వైపు ఉంటుంది. దెబ్బతిని కోలుకుంటున్న కణం అగర్ మీద పెరగకపోవచ్చు, ట్యాంకులో మాత్రం పనిచేస్తుండవచ్చు. అగర్‌లో ఏం కలిపారన్నదీ ముఖ్యమే. పోషకాలు దండిగా ఉన్న అగర్ ‘ఎన్ని బతికున్నాయి’ అన్నదానికి జవాబిస్తుంది. ఫినాల్ ఒక్కటే ఆహారంగా ఉన్న అగర్ ‘ఎన్ని ఫినాల్‌ను తినగలవు’ అన్నదానికి జవాబిస్తుంది.

బ్యాక్టీరియాతో చిక్కు

ట్యాంకులో ఎక్కువ పని చేసేది బ్యాక్టీరియా. అది మిల్లీమీటరులో వెయ్యో వంతు పొడవుంటుంది. 0.1 మిల్లీమీటరు లోతులో వేర్వేరు ఎత్తుల్లో తేలుతూ ఫోకస్‌కు అందదు. పైగా మందమైన పలక, కవర్ గ్లాస్ వల్ల ఆయిల్ లెన్సు దగ్గరికి పోలేదు. అందుకే 0.02 మిల్లీమీటరు లోతుండే పెట్రాఫ్-హౌసర్ పలక వాడతారు. అప్పటికీ తారు, బొగ్గు రేణువులు బ్యాక్టీరియాలా భ్రమపెడతాయి. బురద ముద్దలో వందల బ్యాక్టీరియా అతుక్కుని ఉంటాయి. ముద్దను విడగొట్టకుండా పళ్లెం మీద పరిస్తే అదంతా ఒకే కాలనీ అవుతుంది. మరీ గట్టిగా విడగొడితే కణాలే చస్తాయి.

నదులు, సముద్రాలు, మట్టి నమూనాల్లో మైక్రోస్కోప్ లెక్కకు పళ్లెం లెక్క అనేక రెట్లు తగ్గడం మామూలే. 1985లో స్టేలీ, కనోప్కా అనే శాస్త్రవేత్తలు దీన్ని ‘మహా పళ్లెం లెక్క వైరుధ్యం’ అన్నారు. అక్కడి జీవులు చాలావాటికి మనం పెట్టే అగర్ పడదు.

గాజు పలకకు కింది హద్దూ ఉంది. పెద్ద గడిలో ఒక్క కణం కనిపించాలన్నా మిల్లీలీటరుకు 10 వేలు ఉండాలి. నమ్మదగిన లెక్కకు లక్షలు కావాలి. పళ్లెం మిల్లీలీటరుకు పది కణాలున్నా పట్టేస్తుంది. కాబట్టి తాగునీటి పరీక్షకు పలక పనికిరాదు.

కోక్ నీళ్ల ట్యాంకు విషయంలో ఒక్క అంకెతో తీర్పు చెప్పకూడదు. రెండు లెక్కలూ ఒకే నమూనా నుంచి, ఒకే రోజు చేయాలి. ఆ రెంటి నిష్పత్తిని వారం వారం రాసి పెట్టాలి. మామూలు రోజుల్లో సగం దగ్గర నిలిచే నిష్పత్తి ఒక్కసారిగా నూరో వంతుకు జారితే, మొత్తం లెక్క ఎంత నిండుగా కనిపించినా ట్యాంకులో శవాలే ఎక్కువని అర్థం.