కొసరు చేతులు మారిన కథ

చిన్న దుకాణానికి వచ్చినవాణ్ని మళ్లీ రప్పించే ఆఫర్ల చరిత్ర ఎవరు రాసినా దాదాపు ఒకే దారిలో నడుస్తుంది. అమెరికాలో 1896లో స్పెర్రీ అండ్ హచిన్సన్ సంస్థ పచ్చ స్టాంపులతో మొదలుపెడుతుంది. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ మైళ్ల లెక్క వస్తుంది. 1995లో బ్రిటన్‌లో టెస్కో క్లబ్‌కార్డు. అక్కడి నుంచి మన సూపర్ మార్కెట్లకు పాయింట్లు, వాటిని చూసి వీధి చివరి కిరాణా కొట్టుకు అట్టముక్క కార్డు. ఈ వరుసలో తేదీలు సరైనవే. తప్పల్లా మన కిరాణా కొట్టును చివరి విద్యార్థిగా కూర్చోబెట్టడంలోనే ఉంది.

మన కొట్టులో ఆ పనికి కొసరు ఉండేది. సోల నిండాక పైన గోపురంగా నిలిచే గింజలు కొసరు. త్రాసు సరితూగాక సరుకు పళ్లెం కాస్త మొగ్గేలా వేసే పిడికెడు కొసరు. అమ్మ పంపితే వచ్చిన పిల్లవాడి గుప్పిట్లో పడే బెల్లం ముక్క, పుట్నాల పప్పు కూడా కొసరే. దీనికి కార్డు లేదు, గడువు లేదు, ఎంతివ్వాలన్న లెక్కా లేదు.

మెట్రిక్ కొలతలు రావడంతోనే ఇది పోయిందని పెద్దవాళ్లు చెబుతుంటారు. తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం 1956లో వచ్చింది; 1960ల మొదట్లో సోలలు, మానికలు, వీశెలు అధికారికంగా పక్కకు తప్పుకున్నాయి. కానీ కిలో రాయితో తూచినా పళ్లెం మొగ్గుతుంది. పొట్లం కట్టి పురికొస చుట్టేలోగా ఇంకో నాలుగు గింజలు పడతాయి. కొలత మారినంత మాత్రాన చేతి అలవాటు మారలేదు.

కొసరును దెబ్బతీసింది ప్యాకెట్టు. పప్పు, చింతపండు గోనెలో ఉన్నంత కాలం పిడికెడు వేయడం షావుకారు చేతిలోని పని. సబ్బు, టీ పొడి, బిస్కట్లు మూత వేసుకుని వచ్చాక ఆయన చేయి లోపలికి పోదు. ప్యాకెట్ సరుకుల నిబంధనలు 1977లో వచ్చాయి. 1990లో గరిష్ఠ చిల్లర ధర ముద్రించడం తప్పనిసరైంది. ఈ మధ్యలో, 1983లో, తమిళనాడులోని కడలూరు నుంచి చిక్ షాంపూ సాషే బయల్దేరింది. అంతకుముందు సీసా కొనలేనివాళ్లకు చిన్న మొత్తంలో అమ్మడం కొట్టువాడి విద్య. సాషేతో ఆ చిన్న మొత్తం కూడా కంపెనీ కట్టిందే అయింది.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, న్యాయమైనదే. ఎమ్మార్పీ అంటే పై హద్దు. అంతకన్నా తక్కువకు అమ్మొద్దని ఏ చట్టమూ అనలేదు. నిజమే. అయితే అలా తగ్గించినది కొసరు కాదు, తగ్గింపు. పిడికెడు పప్పు విలువ ఎంతో కొనేవాడికి తెలియదు, అడగడు కూడా. రెండు రూపాయల తగ్గింపు విలువ సరిగ్గా రెండు రూపాయలు. పక్క కొట్టువాడు మూడు తగ్గిస్తే ఇది ఓడిపోతుంది.

ఆ ఏళ్లలో కొసరు పూర్తిగా చావలేదు, యజమానిని మార్చుకుంది. టీ ప్యాకెట్టుకు చెంచా, బట్టల పొడికి ప్లాస్టిక్ మగ్గు వచ్చాయి. ఇచ్చేది కంపెనీ, అందించేది కొట్టు. కృతజ్ఞత ఏదైనా ఉంటే అది ప్యాకెట్టు మీది పేరుకే చేరింది. కొందరు షావుకార్లు ఆ చెంచాలు దాచి విడిగా అమ్ముకున్నారన్న ఫిర్యాదు ఆ తరం ఇల్లాళ్లందరికీ తెలిసిందే. తనది కాని కొసరును తన చేత్తో పంచాలన్న ఉత్సాహం వాళ్లకు ఎక్కడి నుంచి వస్తుంది? పాతకాలాన్ని మరీ మెచ్చుకోనక్కర్లేదు కూడా. తూకంలో కోసి కొసరులో వేసే చేతులు అప్పుడూ ఉన్నాయి.

కొసరు లేకపోయినా ఖాతా పుస్తకం జనాన్ని నిలబెట్టిందనేది ఇంకో నమ్మకం. దీన్ని సగమే ఒప్పుకోవాలి. నెల మొదట్లో జీతం వచ్చి, పద్దు కొట్టేసే ఇంటి విషయంలో అది నిజం. బాకీ రెండో నెలలోకి జారిన మనిషి ఆ వీధిలో నడవడు; నగదు చేతిలో ఉన్న రోజున ఇంకో కొట్టుకు పోతాడు. అప్పిచ్చిన షావుకారు అప్పుతోపాటు బేరాన్నీ పోగొట్టుకుంటాడు. ఇప్పటి ఖాతా యాప్‌లు బాకీ గుర్తుచేస్తూ ఫోనుకు సందేశం పంపుతాయి. వసూలుకు అది పనికొస్తుందేమో గాని, ఆ మనిషిని గుమ్మం ఎక్కించడానికి కాదు.

ఇక ఇప్పటి సంగతి. వీధి కొట్లు పెద్ద దుకాణాలను చూసి అయిదు శాతం తగ్గింపు బోర్డు పెడుతున్నాయి. ఒక ఇల్లు నెలకు 4,000 రూపాయల సరుకు తీసుకుంటుందని, అందులో కొట్టుకు సగటున పది శాతం మిగులుతుందని అనుకుందాం. మిగిలేది 400. అయిదు శాతం తగ్గిస్తే 200 పోతుంది, అంటే లాభంలో సగం. అదే ఇంటికి నెలాఖరున అరకిలో పుట్నాల పప్పు ఇస్తే, టోకు ధర కిలో 90 అనుకున్నా 45 రూపాయలే ఖర్చు. పైగా అది విడి సరుకు, షావుకారు సంచిలోదే. ఈ లెక్క తెలిసి కూడా బోర్డు పెట్టడం అనుకరణే తప్ప వ్యాపారం కాదు.

కిరాణా కొట్టుకు పప్పు పొట్లం చాలు గాని, స్టాంపు కార్డుకు సరైన చోటు సెలూను. పల్లెల్లో ఒకప్పుడు క్షురకుడికి కళ్లంలో ధాన్యం ‘మేర’గా కొలిచేవారు; ఏ ఇల్లు ఎవరిదో పుట్టుకే తేల్చేది కాబట్టి ఆకట్టుకోవాల్సిన పని లేదు. పట్నంలో కుర్చీ వేసుకున్నాకే ఆ అవసరం వచ్చింది. ఉచిత క్షవరానికి అయ్యేది ఒక బ్లేడు, కాస్త క్రీము, పాతిక నిమిషాలు. బుధవారం మధ్యాహ్నం ఖాళీగా ఉన్న కుర్చీలో ఆ నిమిషాలకు ధర లేదు. ఆదివారం ఉదయం బెంచీ నిండా జనం ఉన్నప్పుడు ఇస్తే, డబ్బిచ్చేవాడు లేచిపోతాడు. ‘ఆదివారం చెల్లదు’ అని కార్డు మీద లేకపోతే నష్టం అక్కడే మొదలవుతుంది.

పది క్షవరాలకు ఒకటి ఉచితమన్నదీ గుడ్డి అనుకరణే. నెలకోసారి వచ్చేవాడికి పది గళ్లు నిండేసరికి ఏడాది దగ్గర పడుతుంది, ఈలోగా కార్డు చొక్కాతోపాటు ఉతుక్కుపోతుంది. నూన్స్, డ్రెజ్ అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో ఒక కార్ల వాషింగ్ కేంద్రంలో రెండు రకాల కార్డులు పంచారు. ఒకదానికి ఎనిమిది గళ్లు, అన్నీ ఖాళీ. రెండోదానికి పది, వాటిలో రెండు ముందే కొట్టినవి. పని రెంటికీ ఎనిమిదిసార్లే. మొదటివి 19 శాతం నిండాయి, రెండోవి 34 శాతం. చేతిలో ముందే పెట్టిన ఆ రెండు ముద్రలు పిల్లవాడి గుప్పిట్లో పడ్డ బెల్లం ముక్కకు చుట్టాలు.

కార్డు పనిచేస్తోందో లేదో చెప్పేది పంచిన కార్డుల సంఖ్య కాదు, తేదీలు. నలభై రోజులకోసారి వచ్చేవాడు కార్డు తీసుకున్నాక ముప్పైకి వస్తే అది పనిచేసినట్టు. ముప్పైకే వచ్చేవాడు ఇప్పటికీ ముప్పైకే వస్తూ ఉచితం పట్టుకుపోతుంటే, ఎలాగూ వచ్చే డబ్బులోంచి దానం చేసినట్టు. ఇది తెలియాలంటే కార్డు ఇచ్చే ముందు రెండు మూడు నెలలు నోటుబుక్కులో తేదీలు రాసుకుని ఉండాలి. చాలామంది రాసుకోరు.

విడి సరుకు ఇంకా తూచే కొట్లలో పిడికెడు అలవాటు మిగిలే ఉంది. వాట్సాప్‌లో చీటీ పంపితే కట్టే సంచిలో కరివేపాకు రెబ్బలు అడగకుండానే చేరతాయి. బిల్లింగ్ యంత్రంలో దానికి గడి లేదు. పుట్నాల పప్పు అలా ఇస్తే సాయంత్రానికి సరుకు లెక్కలో తరుగు కనిపిస్తుంది. అందుకని కౌంటర్లో కుర్రాడు ఆ పొట్లాన్ని ధర దగ్గర సున్నా కొట్టి బిల్లులోకి ఎక్కిస్తున్నాడు.