సన్‌షేడ్ స్లాబు

కిటికీపై ఎండ, జల్లు పడకుండా లింటెల్ నుంచి బయటికి పోసే కాంక్రీటు పలక. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతంలో మండే వేసవి వల్ల పడమటి కిటికీకి ఇది తప్పనిసరి.

బరువు గోడ దగ్గరే ఎక్కువ వంపు పుట్టిస్తుంది కాబట్టి అక్కడ మందం ఎక్కువ, కొసన తక్కువ. 1.5 మీటర్ల పొడవు, 0.6 మీటర్ల వెడల్పు, గోడవద్ద 10, కొసన 5 సెంటీమీటర్ల మందం అనుకుందాం. సగటు 7.5 సెంటీమీటర్లు, కాంక్రీటు 1.5 × 0.6 × 0.075 = 0.0675 ఘనపు మీటర్లు. అంతటా 10 సెంటీమీటర్లుగా లెక్కిస్తే 0.09 వస్తుంది, అంటే మూడోవంతు అదనం.

ఇనుము మాత్రం సగటు మందంతో తగ్గదు. 15 సెంటీమీటర్లకొకటి చొప్పున 8 మిల్లీమీటర్ల కమ్మీలు 11, లింటెల్‌లో దిగే వంపుతో ఒక్కోటి మీటరు. అడ్డకమ్మీలు నాలుగు, ఒక్కోటి 1.45 మీటర్లు. మీటరుకు 0.395 కిలోల చొప్పున మొత్తం 6.6 కిలోలు.

ప్రధాన కమ్మీలు పైవైపునే ఉండాలి. పోసేటప్పుడు కాళ్లకింద అణిగితే గోడ అంచున పైభాగంలో పొడవునా పగులు కనిపిస్తుంది. లింటెల్‌పై గోడ లేవకముందే సెంట్రింగ్ విప్పితే షేడ్ లింటెల్‌తో సహా తిరగబడవచ్చు.