వాలు కప్పు కింద గ్లాస్‌వూలా, రాక్‌వూలా?

కొచ్చిలోనైనా విశాఖలోనైనా రేకులో, మంగళూరు పెంకులో వేసిన వాలు కప్పు కింద వేడి ఆపాలంటే దుకాణంలో ముందుగా చూపించేవి రెండు: గ్లాస్‌వూల్, రాక్‌వూల్. మొదటిది గాజును కరిగించి తీసిన పోగు. రెండోది బసాల్ట్ వంటి రాయిని, కొలిమి చిట్టాన్ని కరిగించి తీసిన పోగు. రెండింటిలోనూ వేడిని ఆపేది పోగు కాదు, పోగుల మధ్య కదలకుండా చిక్కుకున్న గాలి. కాబట్టి పొడిగా ఉన్నంతసేపూ రెండింటి పనితీరులో తేడా స్వల్పమే.

లెక్క చూస్తే ఇది స్పష్టమవుతుంది. ఘనపు మీటరుకు 24 కిలోల గ్లాస్‌వూల్‌ను, 48 కిలోల రాక్‌వూల్‌ను 50 మిల్లీమీటర్ల మందంతో పరిచారనుకుందాం. దేనితోనైనా కప్పు నుంచి ఒక డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు దాదాపు 0.6 వాట్ల వేడే లోపలికి దిగుతుంది. 2018 నాటి ఎకో నివాస్ సంహిత నివాసాల కప్పులకు పెట్టిన గరిష్ఠ పరిమితి 1.2 వాట్లు. రెండూ సులువుగానే గట్టెక్కుతాయి. బరువు మాత్రం వేరు. వంద చదరపు మీటర్ల కప్పుకు గ్లాస్‌వూల్ 120 కిలోలు, రాక్‌వూల్ 240 కిలోలు. సన్నని పైపుల ట్రస్ అయితే ఈ తేడాను పట్టించుకోక తప్పదు.

అసలు చిక్కు తేమతో వస్తుంది. వానాకాలంలో తీరం మీద గాలి 32 డిగ్రీల వేడితో, 75 శాతం తేమతో ఉంటే, 27 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న దేనిమీదైనా నీటి బిందువులు పడతాయి. కింద పడకగదిలో ఏసీ 24 డిగ్రీల మీద నడుస్తుంటే ఫాల్స్ సీలింగ్ పైభాగం సరిగ్గా అలాంటి చోటే. బయటి ఆవిరి ఉన్నిలోంచి కిందికి జారి, ఆ చల్లని బోర్డు మీద నీరవుతుంది. గాలి స్థానంలో నీరు చేరిన ఉన్ని వేడిని ఆపదు. నిశ్చలమైన గాలి కన్నా నీరు వేడిని ఇరవై రెట్లకు పైగా మోస్తుంది మరి.

అందువల్ల ఆవిరిని ఆపే అల్యూమినియం ఫాయిల్ ఉన్నికి పైవైపు, అంటే రేకు వైపు ఉండాలి. చలిదేశాల పద్ధతిలో గది వైపు పెడితే, పైనుంచి వచ్చిన తేమ ఆ చల్లని ఫాయిల్ మీదే నిలిచిపోతుంది. కంటికి మెరుస్తూ బాగుంటుందని మన దగ్గర చాలా మంది చేసేదీ ఇదే. ఫాయిల్‌కూ రేకుకూ మధ్య కనీసం 25 మిల్లీమీటర్ల ఖాళీ వదిలితే మరో రెండు లాభాలున్నాయి. రేకు వెదజల్లే వేడిలో చాలా భాగాన్ని ఫాయిల్ తిప్పికొడుతుంది. రాత్రి ఆకాశానికి వేడి వదిలి గాలికన్నా చల్లబడిన రేకు అడుగున పట్టిన నీరు ఉన్నిలోకి పోకుండా ఫాయిల్ మీదుగా చూరు వైపు జారిపోతుంది. జాయింట్లకు ఫాయిల్ టేపు వేయకపోతే ఇదంతా వృథా. ఉన్నిని పర్లిన్ మీద పరిచి, పైన రేకు స్క్రూలతో బిగిస్తే ఆ వరుసంతా 50 మిల్లీమీటర్లు కాస్తా 25కో, అంతకన్నా తక్కువకో నలిగిపోతుంది. అక్కడ వేడిని ఆపే శక్తి సగం పోయినట్టే.

ఇంత శ్రద్ధగా వేసిన రేకుల కప్పుకు 24 కిలోల గ్లాస్‌వూల్ సరిపోతుంది, రాక్‌వూల్‌కు అదనంగా ఖర్చు పెట్టనక్కరలేదు. చవగ్గా దొరికే 12 కిలోల రోల్ మాత్రం వద్దు. అది కాగితం మీది లెక్కలో నెగ్గినా, వాలు మీద ఒకసారి తడిసిందంటే కుంగి కిందికి జారుతుంది, పైభాగం ఖాళీ అవుతుంది. పెంకుటిల్లయితే పరిస్థితి వేరు. గాలివానకు పెంకుల సందుల్లోంచి జల్లు వస్తూనే ఉంటుంది కనుక కింద షీట్ వేసినా గట్టి రాక్‌వూల్ స్లాబే మేలు. నీరు పీల్చకుండా శుద్ధిచేసిన రకాన్ని అడగాలి. వంటగది పైన, కరెంటు వైర్లు పోయే చోటా కూడా అదే. రెండూ మండేవి కావు. కానీ గ్లాస్‌వూల్ 600 - 700 డిగ్రీల దగ్గర మెత్తబడి కరుగుతుంది, రాక్‌వూల్ వెయ్యి డిగ్రీల దాకా నిలుస్తుంది. అతికించిన కాగితపు ఫాయిల్ మండుతుందన్నది కొనేవాళ్లు మరిచిపోయే విషయం.

సరుకు దిగినప్పుడు సాంద్రతను వంటింటి కాటాతోనే సరిచూడొచ్చు. 50 మిల్లీమీటర్ల మందంలో 30 సెంటీమీటర్ల చదరం కోసి, ఫాయిల్ ఊడదీసి తూస్తే 24 కిలోల రకం సుమారు 108 గ్రాములు, 48 కిలోల రకం 216 గ్రాములు ఉండాలి. వేశాక రెండు వానాకాలాల తర్వాత సీలింగ్ మూల తెరిచి అంతే ముక్క మళ్లీ తూచాలి. బరువు బాగా పెరిగినా, బోర్డు మీద గోధుమరంగు మరకలో, ముక్క వాసనో ఉన్నా లోపల తేమ చేరినట్టే. తడిసిన భాగాన్ని తీసేయకుండా కొత్త ఉన్ని పైన పరిస్తే రేకు కూడా లోపలినుంచి తుప్పు పడుతుంది. ఉప్పుగాలి ఉన్నచోట అది ఇంకా త్వరగా.