నెలనెలా కట్టేదే కదా అనుకుంటే...

2007లో ఆన్‌సైట్ పేరుతో డల్లాస్ వెళ్ళినప్పుడు నేను చేసిన మొదటి పని సెల్‌ఫోను కొనుక్కోవడం. ఫోను దాదాపు ఉచితం, నెలనెలా బిల్లు కడితే చాలు అన్నాడు కొట్లో కుర్రాడు. ఎనిమిది నెలలకే ప్రాజెక్టు అయిపోయి, తట్టాబుట్టా సర్దుకుంటూ లైను ఆపమంటే 175 డాలర్లు కట్టమన్నారు. రెండేళ్ళ కాంట్రాక్టు మీద సంతకం పెట్టానట. పెట్టాను కూడా, చదవకుండా!

ఈ ముందస్తు రద్దు ఫీజుకి అప్పట్లో ఫోను కంపెనీలు చెప్పిన కారణం ఒకటే: ఫోను మీద మేమిచ్చిన రాయితీ తిరిగి రాబట్టుకోవాలి కదా అని. కోర్టులన్నీ ఆ మాట నమ్మలేదు. 2008లో కాలిఫోర్నియాలోని అలమీడా కౌంటీ కోర్టు, స్ప్రింట్ వసూలు చేసిన ఫీజు చెల్లదని తేల్చింది. కస్టమర్ మధ్యలో వెళ్ళిపోతే తనకి నిజంగా ఎంత నష్టమో లెక్క కట్టకుండానే కంపెనీ అంకె పెట్టేసిందన్నది అక్కడి అభ్యంతరం.

ఆ ఫీజు తర్వాత సాఫ్ట్‌వేర్‌లోకి కూడా వచ్చింది. మన ఊళ్ళలో డీటీపీ చేసేవాళ్ళకి 2001 నాటి పేజ్‌మేకర్ 7 గుర్తుండే ఉంటుంది. ఒకసారి కొంటే మీదే, ఎన్నేళ్ళైనా వాడుకోవచ్చు. అడోబీ 2012లో క్రియేటివ్ క్లౌడ్ పేరుతో చందా పద్ధతి మొదలుపెట్టింది. 2013 మే నెలలో, ఇకమీదట క్రియేటివ్ సూట్ కొత్త వెర్షన్లు రావు, చందా ఒక్కటే దారి అని ప్రకటించింది. ఆ చందాల్లో "Annual, billed monthly" అనే రకం ఒకటుంది. కట్టేది నెలకే, కానీ మాటిచ్చేది ఏడాదికి. తిరకాసంతా ఇక్కడే ఉంది.

సరే, లెక్కలోకి వద్దాం. అమెరికాలో ఒక ఫ్రీలాన్స్ డిజైనర్ ఉందనుకోండి. 2024లో అక్కడ అన్ని సాఫ్ట్‌వేర్లూ కలిపిన ప్లాను ఏడాది ఒప్పందంతో నెలకి సుమారు 60 డాలర్లు. ఏ ఒప్పందమూ లేకుండా నెలకి నెల తీసుకుంటే సుమారు 90. ఆవిడ 60 డాలర్లది తీసుకుంది. నాలుగు నెలలు కట్టాక క్లయింటు చెయ్యిచ్చాడు. మొదటి 14 రోజుల్లో రద్దు చేసుంటే డబ్బంతా వెనక్కి వచ్చేది. ఆ గడువు దాటింది కాబట్టి మిగిలిన వాయిదాల్లో సగం ఒకేసారి కట్టాలి. ఎనిమిది నెలలు మిగిలాయి, అంటే 480 డాలర్లు, అందులో సగం 240. ఇంతా కట్టినా, డబ్బు కట్టేసిన ఆ నెల ముగిశాక సాఫ్ట్‌వేర్ పనిచెయ్యదు.

మొత్తం ఆవిడకైన ఖర్చు 480. అదే 90 డాలర్ల ప్లాను తీసుకునుంటే నాలుగు నెలలకి 360తో పోయేది. ఎన్ని నెలలు వాడాక మానేస్తే ఏది చవకో చూద్దామని m నెలలకి సూత్రం రాశాను:

```
annual  = 60*m + 30*(12 - m) = 360 + 30*m
monthly = 90*m
```

రెండూ సమానమయ్యేది m = 6 దగ్గర. ఆరు నెలల లోపు మానేస్తారనిపిస్తే ఖరీదుగా కనబడే ప్లానే చవక. ఆరు దాటి వాడతారనుకుంటే, మధ్యలో ఫీజు కట్టి బయటపడినా ఏడాది ప్లానే మేలు. కాబట్టి ఫీజు ఉండటమే మోసం అని నేననను. కొనేటప్పుడు ఆ 360 కనబడాలి, అంతే.

2024 జూన్‌లో అమెరికా ప్రభుత్వం అడోబీ మీద కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో వేసిన దావాలో ప్రధాన ఆరోపణ కూడా సరిగ్గా ఇదే. ఏడాది ప్లానుని ముందే ఎంచిపెట్టి చూపించారనీ, ఫీజు సంగతి లింకుల వెనకా, చిన్న అక్షరాల్లోనూ దాచారనీ, చాలామందికి రద్దు చేయబోయినప్పుడే అది తెలిసిందనీ. ఆన్‌లైన్ కొనుగోళ్ళలో ముఖ్యమైన షరతులు డబ్బు తీసుకోకముందే స్పష్టంగా చెప్పాలనే 2010 నాటి చట్టం దానికి ఆధారం. ఆరోపణలు తప్పని అడోబీ అంది.

ఇక్కడ ఇంకో రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. కార్డు ఆపేస్తే చందా రద్దయిపోయినట్టే అనుకోవడం ఒకటి. డబ్బు రాకపోవడం వేరు, ఒప్పందం ముగియడం వేరు. రెండోది, ఏడాది తిరిగే తేదీ మర్చిపోవడం. ఆ తేదీకి ముందు ఆపకపోతే ఇంకో ఏడాది ఒప్పందం దానంతటదే మొదలవుతుంది, మిగిలిన నెలల లెక్క మళ్ళీ పన్నెండు నుంచి. క్యాలెండర్లో ఒక రిమైండర్ పెట్టుకుంటే సరిపోతుంది.

నా 175 డాలర్లకి కనీసం ఒక ఫోను మిగిలింది. ఆవిడ 240కి అదీ లేదు.