కమీషన్ అసలు ఖరీదు ఎంత? బాకరా పందేల తులనాత్మక పరిశీలన

బాకరా బల్ల దగ్గర ఆటగాళ్లు ఎక్కువగా విసుక్కునేది ఐదు శాతం కమీషన్ గురించే. బ్యాంకర్ మీద కాసి గెలిస్తే వంద రూపాయలకు తొంభై ఐదే చేతికొస్తాయి. గెలిచిన సొమ్ములో కోత పడితే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. అదే మనిషి టై గడిలోనో జోడీ గడిలోనో చిన్న చిప్ ఒకటి వేసి, అది పోతే దాన్ని లెక్కలోకే తీసుకోడు. కానీ లెక్క వేసి చూస్తే విషయం తలకిందులవుతుంది. కంటికి కనిపించే ఈ కమీషన్ ఆ బల్ల మీది ఖర్చుల్లో తక్కువది. బరువైన ఖర్చులు కమీషన్ అనే పేరు లేని గడుల్లో ఉన్నాయి. ఈ వ్యాసం నిరూపించదలచుకున్నది అదే.

ఇక్కడ పరిశీలిస్తున్నది ఎనిమిది పేకలతో ఆడే పుంటో బాంకో పద్ధతి. టామీ రెంజోనీ 1959లో క్యూబా నుంచి లాస్ వేగస్‌లోని శాండ్స్ క్యాసినోకు తెచ్చిన ఆట ఇదే. మకావ్ క్యాసినోల ఆదాయంలో సింహభాగం ఇప్పటికీ దీనిదే. పణజీ దగ్గర మాండవి నదిలోని ఓడల్లోనూ, కొలంబోలోనూ మన తెలుగువాళ్లకు ఎదురయ్యేదీ ఇదే ఆట.

ఆట నియమాలు క్లుప్తంగా చెప్పుకోవాలి. ప్లేయర్‌కు రెండు, బ్యాంకర్‌కు రెండు ముక్కలు పంచుతారు. ఆసు ఒకటి, రెండు నుంచి తొమ్మిది దాకా వాటి అంకెలు, పదీ బొమ్మ ముక్కలూ సున్న. మొత్తంలో ఒకట్ల స్థానం అంకె మాత్రమే లెక్క, తొమ్మిదికి దగ్గరగా ఉన్నవాళ్లది గెలుపు. మొదటి రెండు ముక్కలతోనే ఎవరికైనా ఎనిమిదో తొమ్మిదో వస్తే ఆట అక్కడితో ముగుస్తుంది. లేకపోతే ప్లేయర్ ఐదు లేదా అంతకన్నా తక్కువ ఉంటే మూడో ముక్క తీస్తాడు, ఆరు, ఏడు ఉంటే ఆగుతాడు. ఇందులో ఎవరి ఇష్టానిష్టాలకూ చోటు లేదు. పందెం కాసినవాడు చేయగల నిర్ణయం ఒక్కటే: చిప్ ఏ గడిలో పెట్టాలన్నది.

బ్యాంకర్ వైపు ఎక్కువసార్లు గెలవడానికి కారణం అతని వంతు తర్వాత రావడమే. ప్లేయర్ తీసిన మూడో ముక్కను బట్టి బ్యాంకర్ తియ్యాలా ఆగాలా అన్నది నియమంలోనే రాసి ఉంటుంది. ఒక సందర్భాన్ని దగ్గరగా చూద్దాం. బ్యాంకర్ దగ్గర మూడు ఉంది, ప్లేయర్ మూడో ముక్కగా ఎనిమిది తీశాడు. మామూలుగా మూడంటే బలహీనమైన మొత్తం, ఇంకో ముక్క తియ్యాలనే అనిపిస్తుంది. కానీ నియమం ఈ ఒక్క ముక్కకు మాత్రం ఆగమంటుంది. ఎందుకంటే ప్లేయర్ మొదటి మొత్తం సున్న నుంచి ఐదు లోపలే ఉండాలి, లేకపోతే అతను ముక్క తీసేవాడే కాదు. ఎనిమిది కలిశాక అతని మొత్తం ఎనిమిదో, తొమ్మిదో, సున్నో, ఒకటో, రెండో, మూడో అవుతుంది. మొదటి రెండింటికీ బ్యాంకర్ ఓడతాడు, చివరిదానికి సమానం, మధ్యలో మూడింటికీ గెలుస్తాడు. ఈ ఆరూ ఒకే తరచుదనంతో రావు, ఎనిమిది మిగతావాటికన్నా ఎక్కువగా వస్తుంది. అయినా మొత్తం మీద గెలుపులే ఎక్కువ. ప్లేయర్‌కు లేని ఈ సమాచారం బ్యాంకర్‌కు నియమంగా దక్కింది. కమీషన్ దాని ఖరీదు.

ఆ ఖరీదు ఎంతో చూడటానికి లక్ష పంపకాలు ఊహించి, ప్రతి పంపకానికీ వెయ్యి రూపాయలు కాశామనుకుందాం. కాసిన మొత్తం పది కోట్లు. సంభావ్యత ప్రకారం బ్యాంకర్ దాదాపు 45,860 సార్లు, ప్లేయర్ 44,625 సార్లు గెలుస్తారు, 9,515 సార్లు టై అవుతుంది. టై వస్తే బ్యాంకర్, ప్లేయర్ గడుల్లోని పందేలు తిరిగి వచ్చేస్తాయి. ప్లేయర్ మీదే కాసినవాడు 1,235 సార్లు ఎక్కువగా ఓడి 12 లక్షల 35 వేలు పోగొట్టుకుంటాడు, అంటే నూటికి 1.24 రూపాయలు. కమీషనే లేకపోతే బ్యాంకర్ మీద కాసినవాడు సరిగ్గా అంతే సంపాదించేవాడు. ఏ క్యాసినో అలాంటి బల్ల నడపదు. ఐదు శాతం చొప్పున 45,860 గెలుపుల మీద పడే కమీషన్ 22 లక్షల 93 వేలు. అందులోంచి అతనికి రావాల్సిన 12 లక్షల 35 వేలు తీసేస్తే నికర నష్టం 10 లక్షల 58 వేలు, నూటికి 1.06. కమీషన్ కట్టాక కూడా బ్యాంకర్ గడే చవక.

అయితే ఈ తేడా చాలా సన్ననిది. కమీషన్ దాదాపు 5.4 శాతానికి చేరితే రెండు గడులూ సమానమైపోతాయి. అది దాటితే ప్లేయర్ గడి చవక. చాలామంది పట్టించుకోని చిక్కు ఒకటి ఇక్కడే ఉంది. కమీషన్‌ను కొన్ని చోట్ల అప్పటికప్పుడు కోస్తారు, కొన్ని చోట్ల డీలర్ ముందున్న చిన్న గడుల్లో గుర్తు పెట్టుకుని షూ అయిపోయాక వసూలు చేస్తారు. చిల్లర చిప్పులు లేని బల్ల మీద కమీషన్‌ను పైకి సర్దితే లెక్క మారిపోతుంది. మూడు వందల గెలుపు మీద కమీషన్ పదిహేను. అతి చిన్న చిప్ ఇరవై ఐదుది కాబట్టి ఇరవై ఐదు తీసుకుంటే అది ఎనిమిది శాతం పైమాటే, నష్టం నూటికి రెండున్నర దాటుతుంది. కాబట్టి బ్యాంకర్ మీద కాసేవాళ్లు పందెం మొత్తాన్ని కమీషన్ సరిగ్గా తెగేలా ఎంచుకోవాలి.

కమీషన్ మీద ఉన్న ఈ విసుగును క్యాసినోలు బాగా గమనించాయి. మకావ్‌లో విరివిగా కనిపించే నో-కమీషన్ బల్లలకు మూలం అదే. అక్కడ బ్యాంకర్ గెలిస్తే పూర్తి సొమ్ము ఇస్తారు, ఆరు మొత్తంతో గెలిచినప్పుడు మాత్రం సగమే. వినడానికి మేలే అనిపిస్తుంది, ఆరుతో గెలవడం ఎన్నిసార్లు వస్తుందిలే అనుకుంటాం. లక్షలో 5,386 సార్లు వస్తుంది. ప్రతిసారీ ఐదు వందలు తగ్గితే 26 లక్షల 93 వేలు. పాత కమీషన్ 22 లక్షల 93 వేలే. కమీషన్ లేదని రాసి ఉన్న బల్ల మీద అదే ఆటకు నాలుగు లక్షలు ఎక్కువ చెల్లిస్తున్నాం, నష్టం నూటికి 1.46కు పెరుగుతోంది. అలాంటి బల్ల మీద ప్లేయర్ గడే మేలు.

నో-కమీషన్ అన్న ప్రతి బల్లా ఇలాగే ఉంటుందనడం మాత్రం సరికాదు. ఈజీ బాకరా అనే పద్ధతిలో బ్యాంకర్ మూడు ముక్కలతో ఏడు చేసి గెలిస్తే పందెం గెలుపూ ఓటమీ కాకుండా తిరిగి వస్తుంది. అది లక్షలో 2,253 సార్లు. లెక్క వేస్తే నష్టం నూటికి 1.02, కమీషన్ బల్లకన్నా ఇంకాస్త తక్కువే. కాబట్టి బల్ల మీది పేరును నమ్మడంకన్నా ఏ గెలుపుకు ఎంత కోస్తున్నారో అడగడం ముఖ్యం.

ఇక పక్క పందేల సంగతి. టై గడికి ఒకటికి ఎనిమిది ఇస్తారు. లక్షలో 9,515 టైలంటే దాదాపు పదిన్నర పంపకాలకు ఒకటి. న్యాయంగా ఒకటికి తొమ్మిదిన్నర ఇవ్వాలి. ఆ ఒకటిన్నర తక్కువవడం వల్ల నూటికి 14.36 రూపాయలు పోతాయి, బ్యాంకర్ గడికి పదమూడు రెట్లకు పైగా. జోడీ పందేన్ని ఎవరైనా కాగితం మీద తేల్చుకోవచ్చు. ఎనిమిది పేకల్లో 416 ముక్కలు. మొదటి ముక్క ఏదైనా, మిగిలిన 415లో అదే అంకెవి 31 ఉంటాయి. 415ను 31తో భాగిస్తే పదమూడుకు పైన వస్తుంది, అంటే ఒకటికి పన్నెండుకు పైగా ఇస్తేనే సరిపోతుంది. ఇచ్చేది పదకొండు. నష్టం నూటికి 10.36. బ్యాంకర్ ఆరుతో గెలుస్తాడని కాసే సూపర్ సిక్స్ అన్నిటికన్నా అన్యాయం. దానికి పన్నెండు రెట్లు ఇచ్చే చోట నూటికి ముప్పై రూపాయలు పోతాయి. ప్రధాన పందెంలో సగం కోసిన ఆ ఆరునే మళ్లీ ఆశగా చూపి అమ్ముతున్నారన్నమాట.

పక్క పందెంలో పెట్టేది చిన్న మొత్తమే కదా అనేది మామూలు సమాధానం. దాన్ని గంట ఆటకు లెక్కగడదాం. గంటకు డెబ్బై పంపకాలు జరుగుతాయనుకుందాం. బ్యాంకర్ మీద ప్రతిసారీ వెయ్యి కాస్తే సగటు నష్టం 740 రూపాయలు. దాంతోపాటు టై మీద ప్రతిసారీ రెండు వందలు వేస్తే ఆ ఒక్క గడిలోనే రెండు వేలు పోతాయి. ప్రధాన పందెంలో ఐదో వంతు పెట్టి దానికి రెండున్నర రెట్లకు పైగా చెల్లిస్తున్నాం. ఇది అనుభవంలో తెలియకపోవడానికీ కారణం ఉంది. వెయ్యి చొప్పున కాసే డెబ్బై పంపకాల్లో ఏడెనిమిది వేలు అటూ ఇటూ ఊగడం మామూలే. ఆ ఊగిసలాటలో 740 రూపాయలు కనబడవు. టై తగిలిన రోజు మాత్రం గుర్తుండిపోతుంది. బ్యాంకర్, ప్లేయర్ గడుల మధ్య తేడా గంటకు 125 రూపాయలకు మించదు కాబట్టి వాటిలో ఏది మేలన్న వాదులాట నిజానికి చిన్నది. పక్క పందెం వెయ్యాలా వద్దా అన్నదే పెద్ద ప్రశ్న.

పోయిన ముక్కల్ని గుర్తుపెట్టుకుని ఈ లెక్కల్ని దాటవచ్చా అన్న ప్రశ్నకు 1966లోనే కొంత సమాధానం దొరికింది. విలియం వాల్డెన్, ఎడ్వర్డ్ థార్ప్ ఆ ఏడాది ప్రచురించిన పరిశోధన నెవాడా బాకరాలోని ఒక పక్క పందెం, షూ చివరికొచ్చినప్పుడు, ఆటగాడికి అనుకూలం కాగలదని చూపింది. అది సహజ ఎనిమిది, సహజ తొమ్మిదిల మీద కాసే పందెం. ప్రధాన పందేల్లో మాత్రం ముక్కల లెక్క వల్ల ఒరిగేది లెక్కకు రానంత తక్కువ. మకావ్ బల్లల దగ్గర గత ఫలితాలను ఎర్ర, నీలం సున్నలుగా చూపే పట్టికలకు అంత విలువ కూడా లేదు. వాటిలో ఉండేది ఎవరు గెలిచారన్నదే, ఏ ముక్కలు పోయాయన్నది కాదు.

బల్ల మీద పరిచిన గుడ్డపై ఎనిమిది, పదకొండు, పన్నెండు అన్న చెల్లింపు అంకెలు స్పష్టంగా అచ్చు వేసి ఉంటాయి. వాటి పక్కన ఆ పందెం ఎన్ని పంపకాలకు ఒకసారి తగులుతుందో ఎక్కడా ఉండదు. క్యాసినోలకు లైసెన్సులు ఇచ్చే ప్రభుత్వాలు ఆ రెండో అంకెనూ అదే సైజు అక్షరాల్లో అచ్చు వేయించాలి. టైకి చెల్లింపు ఎనిమిది, తగిలేది పదిన్నరకు ఒకసారి అని పక్కపక్కన ఉంటే, ఆ గడిలో చిప్ పెట్టేవాడు ఎంత చెల్లిస్తున్నాడో తెలిసి పెడతాడు.