చెరువులోకి పోకముందే పట్టుకోవాల్సిన బూడిద

బొగ్గును గడ్డలుగా కాల్చినంత కాలం బూడిద పెద్దగా గాలిలోకి లేచేది కాదు. చాలావరకు పొయ్యి అడుగున చిట్టెం కట్టి మిగిలేది, పారతో ఎత్తి అవతల పోసేవాళ్లు. 1918-20 మధ్య అమెరికాలోని మిల్వాకీ విద్యుత్ కేంద్రంలో ఈ పద్ధతి మారింది. బొగ్గును ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా నూరి, గాలితో కలిపి బాయిలర్లోకి ఊదడం మొదలుపెట్టారు. అలా చేస్తే బొగ్గు పూర్తిగా మండుతుంది, వేడి ఎక్కువ వస్తుంది. కానీ బొగ్గులో ఉన్న మట్టి కూడా మంటలోనే కరిగి, సన్నటి బొట్లుగా పొగతోపాటు పైకి పోయింది. ఆ బొట్లు చల్లబడగానే కంటికి కనబడనంత చిన్న గాజు గుళికలయ్యాయి. మనం ఫ్లై యాష్ అంటున్నది ఈ గుళికల పొడినే.

పొగగొట్టం వదిలింది వదిలినట్టు ఊరి మీద పడుతుంటే జనం ఊరుకోరు. దాన్ని పట్టే సాధనం అప్పటికే ఉంది. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చెప్పే ఫ్రెడరిక్ కాట్రెల్ 1907లో దాన్ని తయారుచేశాడు. ఆయన పట్టాలనుకున్నది బూడిదను కాదు, ఆమ్లపు పొగమంచును. పొగకు అధిక వోల్టేజీతో విద్యుదావేశం ఎక్కిస్తే అందులోని కణాలు ఎదురుగా ఉన్న పలకకు అంటుకుంటాయి. పలకను తడితే రాలి కింది తొట్టిలో పడతాయి. 1923 నుంచి విద్యుత్ కేంద్రాలు ఈ పరికరాన్ని పెట్టుకోవడం మొదలుపెట్టాయి. ఈ రోజు రామగుండంలోనైనా, పరవాడలోనైనా పొగగొట్టానికి ముందు నిలబడి ఉండే పెద్ద ఇనప గదులు అవే. ఇంజనీర్లు ఈఎస్‌పీ అంటారు.

ఊరికి పొగ తగ్గింది, కేంద్రం ఆవరణలో బూడిద గుట్టలు పెరిగాయి. వాటిని ఏంచేయాలన్న ప్రశ్నకు మొదటి గట్టి జవాబు మళ్లీ బర్కిలీ నుంచే వచ్చింది. అక్కడి సివిల్ ఇంజనీరింగ్ ఆచార్యుడు రేమండ్ డేవిస్, తన సహచరులతో కలిసి వేర్వేరు కేంద్రాల బూడిదలను సిమెంటులో కలిపి పరీక్షించి 1937లో ఫలితాలు ప్రచురించాడు.

ఆయన చూసింది ఇది. సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడేటప్పుడు కొంత సున్నం మిగిలిపోతుంది. అది కట్టడానికి బలమివ్వదు సరికదా, నీళ్లు ఊరినచోట కరిగి బయటికొచ్చి గోడల మీద తెల్లటి చారలు కడుతుంది. బూడిద గుళికల గాజులో ఉండే సిలికా ఈ మిగులు సున్నాన్ని పట్టుకుని, నెమ్మదిగా, సిమెంటు జిగురులాంటి జిగురునే తయారుచేస్తుంది. మన పాత కోటలు కట్టినవాళ్లకు ఈ గుణం అనుభవంలో తెలుసు. గానుగ సున్నంలో కాల్చిన ఇటుక పొడి కలిపింది అందుకే. రోమన్లు నేపుల్స్ దగ్గరి అగ్నిపర్వతపు బూడిదను సున్నంతో కలిపి సముద్రం అడుగున కట్టిందీ దాంతోనే. డేవిస్ చూపించిన కొత్త సంగతి ఒకటే: ఆ అగ్నిపర్వతం పని ఇప్పుడు బాయిలరు చేస్తోంది.

దీన్ని నమ్మి పెద్దఎత్తున వాడిన మొదటి కట్టడం మోంటానా రాష్ట్రంలోని హంగ్రీ హార్స్ డ్యామ్. 1948లో మొదలై 1953లో పూర్తయింది. పెద్ద డ్యాములకు ఉండే చిక్కేమిటంటే, సిమెంటు గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. అంత లావు కాంక్రీటులో ఆ వేడి బయటికి పోలేదు. లోపల వేడిగా, పైన చల్లగా ఉండి బీటలు వారుతుంది. సిమెంటులో కొంత భాగం తీసేసి బూడిద వేస్తే పని నెమ్మదిస్తుంది, వేడి తగ్గుతుంది. అందుకే షికాగో నుంచి ఆ కొండల్లోకి బూడిదను రైళ్లలో తెప్పించుకున్నారు, సుమారు 1,20,000 టన్నులు. గుట్టగా పడి ఉన్న సరుకు కోసం అంతదూరం రైలు కట్టారంటే దాని విలువ వాళ్లకు తెలిసినట్టే.

అయినా తర్వాతి యాభై ఏళ్లలో ప్రపంచంలోని బూడిదలో ఎక్కువ భాగం కట్టడాల్లోకి పోలేదు, చెరువుల్లోకి పోయింది. కారణం సులువుతనం. తొట్టిలో పడిన పొడి బూడిదను అలాగే నిలవచేయాలంటే మూసిన గొట్టాలు, గాలి పంపులు, సైలోలు కావాలి. నీళ్లు కలిపి బురదచేస్తే పైపులో తోసేయొచ్చు. పైగా ఈఎస్‌పీలో పట్టిన సన్నబూడిదను, బాయిలరు అడుగున పడిన ముతక బూడిదను ఒకే బురదలో కలిపేస్తారు. కట్టడానికి పనికొచ్చే గుణం సన్నదనంలో ఉంది. ఆ కలపడంతోనే అది పలచబడిపోతుంది.

ఆరోగ్యానికి కీడు మొదలయ్యేదీ అక్కడే. బొగ్గులో అతిస్వల్పంగా ఉండే ఆర్సెనిక్, సెలీనియం మంటలో ఆవిరై, పొగ చల్లబడేటప్పుడు అన్నిటికన్నా సన్నని గుళికల పైపొర మీద చేరతాయి. లోపల కాదు, పైపొర మీద. కాబట్టి నీళ్లు తగిలితే సులువుగా కడిగినట్టు వచ్చేస్తాయి. అడుగున పొర వేయని చెరువులో ఆ నీరు నేలలోకి ఇంకి బావుల్లోకి చేరుతుంది. చుట్టుపక్కల బోరు నీటిని పరీక్షించేటప్పుడు ముందుగా బోరాన్, సల్ఫేటు చూడాలి. అవి నీటితోపాటే వేగంగా కదులుతాయి కాబట్టి ఊట మొదలైందని ముందే చెబుతాయి. ఆర్సెనిక్ కనబడేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. ఇక వేసవిలో చెరువు పైభాగం ఎండితే సన్న పొడి గాలికి లేస్తుంది. ఆకుల మీద బూడిదరంగు పూత కనబడే ఊళ్లో ఊపిరితిత్తుల్లోకీ అదే పోతోంది. అందులో గాజుగా మారని క్వార్ట్జ్ కూడా కొంత ఉంటుంది. ఏళ్ల తరబడి పీల్చేవాళ్లకు, ముఖ్యంగా బూడిద ఎత్తిపోసే కూలీలకు, ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ వచ్చే ముప్పు దాంతోనే.

చెరువు నీళ్లు ఏం చేయగలవో నార్త్ కరోలినాలోని బెలూస్ సరస్సు చూపించింది. 1974లో పక్కన కొత్త విద్యుత్ కేంద్రం పని మొదలుపెట్టి, బూడిద చెరువు నీటిని సరస్సులోకి వదిలింది. సెలీనియం నీటిలో కొద్దిగానే ఉన్నా, నాచు నుంచి పురుగులకు, పురుగుల నుంచి చేపలకు పోతూ పేరుకుంది. చేపల గుడ్లలోకి చేరి పుట్టిన పిల్లలు వంకర తిరిగాయి. కొన్నేళ్లలో 20 జాతుల్లో 19 సరస్సు నుంచి మాయమయ్యాయి. 1980ల మధ్యలో ఆ కేంద్రం బూడిదను పొడిగా తీయడానికి మారి, నీళ్లు వదలడం ఆపాక సరస్సులో సెలీనియం తగ్గుతూ వచ్చింది. గట్టు తెగితే ఇంత నెమ్మది కూడా ఉండదు. 2008 డిసెంబరు 22 తెల్లవారుజామున టెనసీలోని కింగ్‌స్టన్‌లో చెరువు గట్టు తెగి 40 లక్షల ఘనపు మీటర్లకు పైగా బురద నదిని, ఇళ్లను ముంచింది. 2020 ఏప్రిల్లో మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలీలో ఇలాగే గట్టు తెగి ఆరుగురు పోయారు.

మన దేశానికి ఈ బరువు ఎక్కువ. మన బొగ్గులో 30 నుంచి 45 శాతం దాకా బూడిదే ఉంటుంది. 1996-97లో దేశంలో దాదాపు 6.9 కోట్ల టన్నుల బూడిద వస్తే అందులో పదో వంతు కూడా వాడలేదు. సిమెంటు కంపెనీలు కొంత తీసుకునేవి. ఇటుకల్లో వాడాలంటే అప్పటికి తెలిసిన దారి సున్నంతో కలిపి బలమైన ప్రెస్సులో నొక్కి, ఆవిరిలో ఉడికించడం. అంత యంత్రాలు పెట్టే శక్తి ఇటుకల వ్యాపారం చేసుకునేవాళ్లకు లేదు.

ఆ అడ్డును తీసింది విశాఖపట్నంలో. డాక్టర్ ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ అనే ఇద్దరు పరిశోధకులు బూడిద, సున్నంతోపాటు జిప్సం కలిపి చూశారు. దానికి ఫాల్-జి అని పేరుపెట్టారు. బూడిదలో సిలికా ఒక్కటే కాదు, అల్యూమినా కూడా ఉంది. సున్నం, జిప్సం, అల్యూమినా కలిస్తే సూదుల్లాంటి స్ఫటికాలు తొందరగా అల్లుకుని ఇటుకకు మొదటి రోజుల బలమిస్తాయి. సిలికా, సున్నం చేసే జిగురు తర్వాతి వారాల్లో నిదానంగా వచ్చి చేరుతుంది. ఆవిరి అక్కర్లేదు, బట్టీ అక్కర్లేదు, తడిపితే చాలు. జిప్సం కూడా ఎరువుల కర్మాగారాల దగ్గర గుట్టలుగా పడి ఉండేదే. బట్టీ లేకపోవడం అంటే పొలం పైమట్టి తవ్వడం, బొగ్గు కాల్చడం రెండూ తప్పాయన్నమాట. ఈ ఆవిష్కరణలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది అదే. చిన్న పెట్టుబడివాళ్లు చేయగలిగేలా దాన్ని నిలిపారు.

ఇటుక చేసే చోట వంతులు దాదాపు ఇలా ఉంటాయి: బూడిద 60 శాతం చుట్టుపక్కల, ఇసుక లేదా రాతిపొడి పావు వంతు, సున్నం 10 శాతం పైచిలుకు, జిప్సం 5. మంచి సున్నం దొరకనిచోట 8-10 శాతం సిమెంటు వేస్తారు, అప్పుడు జిప్సం అక్కర్లేదు. పాన్ మిక్సర్లో ముందు సున్నం, జిప్సం నీళ్లతో నూరి, తర్వాత బూడిద, చివర ఇసుక వేస్తారు. పిడికిట్లో నొక్కితే ముద్దకట్టాలి, నీరు కారకూడదు. అచ్చు నుంచి దిగిన ఇటుకను ఒకటి రెండు రోజులు నీడన ఆరబెట్టి, రెండు మూడు వారాలు తడుపుతారు. 28 రోజులు నిండాకే అమ్మాలి. తొందరపడి పది రోజులకే లారీ ఎక్కించిన ఇటుక అంచులు దారిలోనే రాలతాయి. సున్నం సరిగా ఉడకకపోతే గోడ కట్టాక పొక్కులు లేస్తాయి. బూడిదలో మండని బొగ్గు ఎక్కువుంటే ఇటుక నల్లబడి బలహీనమవుతుంది. చెరువులోంచి ఎత్తిన ముతక బూడిద వాడితే ఇసుక ఎక్కువైనట్టే ఉంటుంది, జిగురు చాలదు. అందుకే అనుభవమున్నవాళ్లు ఈఎస్‌పీ వెనక గదుల తొట్ల బూడిదనే అడుగుతారు. ముందు గదుల్లో ముతకది, వెనక గదుల్లో సన్నది పడుతుంది. కొనేటప్పుడు రెండు ఇటుకలు తాటిస్తే ఖంగుమనాలి, ఒక రోజంతా నీళ్లలో నానితే బరువులో అయిదో వంతుకు మించి పీల్చకూడదు.

ఇలాంటి ఇటుకలతో కట్టిన ఇల్లు విషం కాదా అని అడిగేవాళ్లకు జవాబుంది. పొడిగా ఉన్నప్పుడు పైపొర మీద ఉండే లోహాలు ఇటుకలో ఏర్పడిన స్ఫటికాల్లో, జిగురులో చాలావరకు చిక్కుకుపోతాయి. గోడలో ఉన్న బూడిద గాలికి లేవదు. అయితే ఇటుకను కోసేటప్పుడు, డ్రిల్లు వేసేటప్పుడు లేచే పొడి మాత్రం పొడే. మేస్త్రీ ముక్కుకు మాస్కు ఉండాలి, లేదా తడిపి కోయాలి. సిమెంటులోనూ ఒక మెలకువ ఉంది. పీపీసీ బస్తాలో 15 నుంచి 35 శాతం బూడిద ఉంటుంది, బలం నిదానంగా వస్తుంది. ఏడు రోజులు తడిపే అలవాటును పది రోజులకు పొడిగించాలి, సెంట్రింగ్ తొందరపడి విప్పకూడదు.

1999లో కేంద్ర ప్రభుత్వం బూడిద వాడకాన్ని తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది, పలుసార్లు సవరించి 2021 చివర వాడని బూడిదకు టన్నుకు వెయ్యి రూపాయల పరిహారం పెట్టింది. 2021-22లో 27 కోట్ల టన్నులు వస్తే 96 శాతం దాకా వాడినట్టు లెక్క. ఈ లెక్కలో సిమెంటు, ఇటుకలతోపాటు పల్లపు నేలలు, పాత గనుల గుంతలు నింపినదీ ఉంది. అడుగున పొర లేకుండా గుంతలో పోసిన బూడిద నీటికి చేసే కీడు చెరువులోని బూడిద చేసేదే. కట్టడాల్లోకి పోయినదాన్ని, గుంతల్లో పోసినదాన్ని ఒకే గంపలో లెక్కపెట్టడం నాకు సమ్మతం కాదు. ఇక దశాబ్దాలుగా చెరువుల్లో పేరుకున్నదాన్ని పదేళ్లలో తీసి వాడాలని 2021 ఉత్తర్వు గడువు పెట్టింది. అందులో ఇటుకకు పనికొచ్చేది తక్కువే; ఎక్కువ భాగం రోడ్ల కట్టలకు పోతుంది, అక్కడ పైన మట్టి కప్పి, పక్కల నీరు ఊరకుండా కట్టాల్సి ఉంటుంది.