కదిలే డో: చూసి పాడే చదువు చరిత్ర

మన బడి క్వైర్‌లో కొత్తగా చేరిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మొదటి వారంలోనే అడిగే ప్రశ్న ఒకటుంది. “అక్కా, డో అంటే ఏ స్వరం? పియానోలో ఏ మెట్టు?” దానికి జవాబు “ఏ మెట్టైనా కావచ్చు” అని చెబితే నమ్మరు. ఈ సందేహం తీరాలంటే డో ఎక్కడినుంచి వచ్చిందో, దాన్ని ఎవరు కదిలించారో తెలియాలి. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

దాదాపు వెయ్యేళ్ళ కిందట ఇటలీలో గ్విడో అనే సన్యాసి ఉండేవాడు. అరెజ్జో ఊళ్ళో చర్చి కుర్రాళ్ళకు పాట నేర్పేవాడు కనుక ఆయన్ని అరెజ్జో గ్విడో అంటారు. అప్పట్లో పాట నేర్చుకోవడమంటే గురువు పాడింది విని కంఠస్థం చెయ్యడమే. పదేళ్ళు నేర్చినా, గురువు పక్కన లేకపోతే కొత్త పాట ఒక్కటి కూడా పాడలేకపోతున్నారని గ్విడో బాధపడ్డాడు. ఆయన ఒక ఉపాయం చేశాడు. సెయింట్ జాన్ మీద ఉన్న ఒక లాటిన్ స్తోత్రంలో ఒక్కో పాదం అంతకు ముందు పాదం కన్నా ఒక మెట్టు పైన మొదలవుతుంది. ఆ పాదాల మొదటి అక్షరాలు తీసుకుంటే ఉత్, రే, మీ, ఫా, సోల్, లా వచ్చాయి. పిల్లవాడికి కొత్త పాటలో ఒక స్వరం కనిపిస్తే, అది ఏ పాదం మొదలులా ఉందో గుర్తు చేసుకుని పాడేవాడు. పోప్ 19వ జాన్ తనను రోముకు పిలిపించి, అంతకు ముందెన్నడూ వినని ఒక చరణాన్ని తానే చూసి పాడాడని గ్విడో ఒక ఉత్తరంలో రాసుకున్నాడు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఈ ఆరు పేర్లు ఒకే చోట పాతుకుపోలేదు. సి నుంచి మొదలుపెట్టినా, జి నుంచి మొదలుపెట్టినా ఉత్, రే, మీ అనే పాడేవారు. షరతు ఒక్కటే, మీ-ఫా మధ్య దూరం మాత్రం ఎప్పుడూ చిన్నదిగా ఉండాలి. అంటే పేరు చెప్పేది స్వరం ఎత్తును కాదు, పక్క స్వరాలతో దానికున్న సంబంధాన్ని. మనింట్లో ఒకరు “అన్నయ్య” అయినట్టు అన్నమాట. ప్రతి ఇంట్లోనూ అన్నయ్య వేరే మనిషి, కానీ తమ్ముడితో వరస ఒకటే. తరవాతి శతాబ్దాల్లో ఏడో స్వరానికి సీ అని పేరు వచ్చింది, ఉత్ పోయి డో అయింది. కాలక్రమంలో ఫ్రాన్సు, ఇటలీ వాళ్ళు డో అంటే ఎప్పుడూ సి మాత్రమే అని స్థిరపరిచారు. దాన్ని కదలని డో అంటారు.

డోని మళ్ళీ కదిలించి చిన్నపిల్లల చేతికి ఇచ్చింది ఇంగ్లండులో నారిచ్ ఊరికి చెందిన సారా గ్లోవర్ అనే ఆమె. 1786లో పుట్టింది, తండ్రి చర్చి గురువు. ఆమె పేద పిల్లలకు పాట నేర్పేది. ఐదు గీతల స్వరలిపి పిల్లలకు కొరుకుడు పడలేదు. అందుకని ఆమె ఒక నిచ్చెన గీసి, మెట్ల మీద స్వరాల మొదటి అక్షరాలు రాసి గోడకు తగిలించింది. కర్రతో చూపిస్తుంటే పిల్లలు పాడేవారు. సోల్‌కీ, సీకీ మొదటి అక్షరం ఒకటే అయిపోతోందని సీని టీగా మార్చింది కూడా ఆమే. 1835లో తన పద్ధతిని పుస్తకంగా వేసింది.

1841లో జాన్ కర్వెన్ అనే యువ పాస్టర్‌కు హల్ పట్టణంలో జరిగిన ఒక సభవాళ్ళు ఒక పని అప్పగించారు. సండే స్కూలు పిల్లలకు పాట నేర్పే తేలిక దారి వెతకాలి. ఆయనకేమో స్వరలిపి చదవడం సరిగా రాదు. గ్లోవర్ పుస్తకం దొరికాక తాను ముందు నేర్చుకుని, తనకు తోచిన మార్పులు చేసి, పాఠాల్లో వాడాడు. ఆమెకు ఉత్తరం రాసింది ఆ తరవాతే. మూలం ఆమెదేనని బహిరంగంగా చెప్పాడు గానీ, టానిక్ సోల్ఫా అనగానే ప్రపంచానికి ఈనాటికీ గుర్తొచ్చే పేరు కర్వెన్‌దే. నా మటుకు నాకు ఈ చరిత్రలో ముందు రాయవలసిన పేరు సారా గ్లోవర్‌ది.

కర్వెన్ చేసిన మేలు కూడా చెప్పాలి. ఆయన లిపిలో పాటంతా మామూలు అక్షరాలూ, చుక్కలే. స్వరలిపి అచ్చువెయ్యడానికి ప్రత్యేకమైన టైపు కావాలి, ఖర్చు ఎక్కువ. ఇదైతే ఏ ప్రెస్సులోనైనా అవుతుంది. వేల్స్ గనికార్మికుల గుడుల్లోకీ, మిషనరీలతో ఆఫ్రికాకూ వెళ్ళింది అందుకే. 1897లో దక్షిణాఫ్రికాలో ఇనాక్ సొంటోంగా అనే బడి టీచరు కట్టిన పాట, ఇప్పుడు ఆ దేశ జాతీయగీతంలో భాగమైనది, ఆయన రాసుకున్నది ఈ సోల్ఫా లిపిలోనే.

ఇక అసలు సంగతి. ఇది కళ్ళతో చూసి పాడటం ఎలా నేర్పుతుంది? ఒక చిన్న వరస తీసుకుని చూద్దాం. ఇది నేను అభ్యాసం కోసం రాసుకున్నది:

డో మీ సో మీ | ఫా రే టీ డో

స్వరలిపిలో దీని ముందు రెండు షార్ప్‌లు ఉన్నాయనుకోండి. మొదటి పని డోని పట్టుకోవడం. చివరి షార్ప్ ఎప్పుడూ టీ అవుతుంది. రెండు షార్ప్‌లలో చివరిది సి షార్ప్, దాని పై మెట్టు డి. కాబట్టి డో అంటే డి. ఫ్లాట్‌లు ఉంటే చివరి ఫ్లాట్ ఫా అవుతుంది, అక్కడినుంచి ఫా, మీ, రే, డో అని కిందికి లెక్కపెట్టాలి.

రెండో పని, పాట మొదలుపెట్టక ముందే డో మీ సో మీ డో అని మెల్లగా పాడి చెవిలో ఇల్లు కట్టుకోవడం. ఈ మూడూ స్తంభాలు. కాగితం మీద కూడా వీటిని పోల్చడం తేలిక. డో గీతల మధ్య ఖాళీలో ఉంటే మీ, సో దాని పై ఖాళీల్లో వరసగా ఉంటాయి. డో గీత మీద ఉంటే అవీ గీతల మీదే ఉంటాయి. మన వరసలో డో మొదటి గీత కింద ఉంది. మీ మొదటి ఖాళీలో, సో రెండో ఖాళీలో. అంటే మొదటి నాలుగు స్వరాలూ స్తంభం నుంచి స్తంభానికి దూకడమే.

తరవాతి సగం కష్టం. ఫా నుంచి రే, రే నుంచి టీ, ఒక్కో మెట్టు వదిలేసి దిగాలి. ఇక్కడ దూరం కొలవబోతే గొంతు తడబడుతుంది. దానికి బదులు వదిలేసిన మెట్టును మనసులో పాడుకోవాలి: ఫా, (మీ), రే, (డో), టీ, డో. మొదటి నాలుగైదు సార్లు ఆ మధ్య స్వరాలను సన్నగా పైకే పాడి, తరవాత లోపలే అనుకుంటే సరిపోతుంది.

ఎక్కువమంది తప్పేది టీ దగ్గర. మెట్లన్నీ సమానమే అనుకుని టీని మరీ కిందికి దించేస్తారు. నిజానికి మీ-ఫా, టీ-డో, ఈ రెండు చోట్లే మెట్టు పొట్టిది. సరిచూసుకోవాలంటే “మీ ఫా” పాడి వెంటనే “టీ డో” పాడండి. రెండూ ఒకే రకం దగ్గరితనంతో వినిపించాలి. కర్వెన్ 1870లో చేర్చిన చేతి సైగలు ఇందుకే ఉన్నాయి. టీకి చూపుడువేలు పైకి చూపిస్తుంది, అది పైనున్న డో వైపు లాగుతుంది కనుక. ఫాకి బొటనవేలు కిందికి, అది మీ మీద వాలుతుంది కనుక. వరస పూర్తయ్యాక పియానోలో డి నొక్కండి. మనం ఆగిన చోటు దానికన్నా కింద ఉంటే దారిలో శ్రుతి జారిందని అర్థం. అప్పుడు మొత్తం కాదు, మీని, టీని మాత్రం విడిగా పాడి వెతకాలి.

ఇప్పుడు అదే వరసను ఒక ఫ్లాట్‌తో రాద్దాం. ఫ్లాట్ ఉన్నది బి మీద, అది ఫా. కిందికి లెక్కపెడితే డో అంటే ఎఫ్. స్వరాల పేర్లు డి, ఎఫ్ షార్ప్, ఎ పోయి ఎఫ్, ఎ, సి అయ్యాయి. కాని పాడేది మళ్ళీ డో మీ సో మీ, ఫా రే టీ డో. ఒకసారి నేర్చిన గొంతుకు రెండోసారి కొత్త పని లేదు. పియానో లేని ఇంట్లో పిల్లకు దీని విలువ బాగా తెలుస్తుంది.

సంగీతం నేర్చుకునేవాళ్ళకు ఇది వింత కాదు. మన షడ్జమం కూడా పాడేవారి శ్రుతిని బట్టి కదిలేదే. శంకరాభరణం మెట్లూ, డో రే మీ మెట్లూ దాదాపు ఒకటే. అయితే రెండు తేడాలున్నాయి. మనకు ఏ రకం మధ్యమమైనా పాడేది “మ” అనే. అక్కడ ఫా కొంచెం పైకి జరిగితే పేరే మారి ఫీ అవుతుంది. రెండోది, మన కచేరీలో మొదట పెట్టుకున్న శ్రుతి చివరిదాకా నిలుస్తుంది. అక్కడ పాట మధ్యలోనే డో ఇల్లు మారుతుంది. డి డోగా ఉన్న పాటలో జి షార్ప్ పదేపదే కనిపిస్తే అది ఫీ కాదు, కొత్త ఇంటి టీ అని అనుమానించాలి. దాని పై మెట్టు ఎ, అదే కొత్త డో. అప్పుడు ఎ స్వరాన్ని “సో” అని పాడి, గొంతు కదపకుండా అదే స్వరాన్ని “డో” అని మళ్ళీ పాడితే వంతెన దాటినట్టే.

ఈ పద్ధతికి హద్దులూ ఉన్నాయి. ప్రతి రెండు తాళాలకూ ఇల్లు మారే పాటల్లో పేర్లు మార్చుకోవడంతోనే సరిపోతుంది. అసలు ఇల్లే లేకుండా రాసిన ఇరవయ్యో శతాబ్దపు సంగీతంలో డో అన్న మాటకే అర్థం ఉండదు. ఇంకొకటి, కర్వెన్ అక్షరాలకే అలవాటు పడిపోయినవాళ్ళు చాలామంది ఐదు గీతల లిపి నేర్వకుండా ఆగిపోయారు. హంగరీలో జోల్తాన్ కొడాయ్ ఈ లోపాన్ని సరిదిద్దాడు. ఇంగ్లండులో ఈ పద్ధతిలో తయారైన క్వైర్లను విన్నాక, తన దేశపు బడుల్లో డో రే మీలను నేరుగా గీతల లిపి మీదే చదివించే దారి వేశాడు. 1944లో ఆయన సహచరుడు యెనో ఆదామ్ బడి టీచర్ల కోసం రాసిన పుస్తకం ఈ పద్ధతి మీదే. మన క్వైర్‌లో గీతల కాగితం ముందు పెట్టి, నోటితో డో రే మీ అనిపించడం కూడా అందుకే.